మీటింగ్‌లో మీ పొరపాటుకు సహోద్యోగి మాట పడితే ఏం చెప్పాలి, ఎక్కడ ఆపాలి

ప్రశ్న: "నెలవారీ రివ్యూకి ఆర్డర్ల పట్టిక నేను తయారుచేసి ఇచ్చాను. నాకంటే సీనియర్ అయిన సహోద్యోగి దాన్ని ప్రెజెంట్ చేశారు. షీట్‌లో ఫిల్టర్ తీయడం మర్చిపోయాను. దాంతో తూర్పు జోన్ మొత్తం లెక్కలోకి రాలేదు. 2,310 ఉండాల్సిన చోట 1,840 పడింది. ఆ జోన్ మేనేజర్ ఎదురుగానే ఉన్నారు, 'మా జోన్ ఏమైపోయింది?' అన్నారు. డైరెక్టర్ 'చూసుకోకుండానే తెచ్చారా?' అని ఆమెను అడిగారు. ఆమె నీళ్లు నమిలారు. నేను అదే గదిలో ఉండీ నోరు విప్పలేకపోయాను. నిన్న సాయంత్రం నుంచి ఆమెకు చాలాసార్లు సారీ చెప్పాను, ఎందుకలా అయిందో పెద్ద మెసేజ్ కూడా పెట్టాను. 'పర్లేదు' అంటున్నారు గానీ ముభావంగా ఉన్నారు. ఇంకేం చేయాలి?"

సమాధానం:

మీరు చెప్పిన సారీలన్నీ మీ ఇద్దరి మధ్యే ఉన్నాయి. ఆమె మాట పడింది మాత్రం గదినిండా జనం ముందు. ఆమె ఇంకా ముభావంగా ఉన్నారంటే, నాకు తోచినంతలో ముఖ్య కారణం అదే. డైరెక్టర్ దృష్టిలో ఇప్పటికీ చూసుకోకుండా వచ్చింది ఆమే. జోన్ మేనేజర్ దృష్టిలో తన జోన్‌ని లెక్కలోంచి వదిలేసింది ఆమే. మీరు ఆమెకు ఎన్ని మెసేజ్‌లు పెట్టినా వాళ్ల మనసులో ఉన్నది మారదు. ఆ సంగతి ఆమెకు తెలుసు, అందుకే మీ సారీ ఆమెకు పెద్దగా అక్కరకు రావడం లేదు.

కాబట్టి ముందు చేయాల్సింది, ఆ గదిలో ఉన్న అందరికీ సరైన అంకె, అది ఎవరి తప్పో కలిపి చేరవేయడం. ఆమెతో విడిగా మాట్లాడటం ఆ తర్వాత, అదీ ఒక్కసారే. లెక్కలు సిద్ధం చేసే టీములు నడపడం చాలా ఏళ్లుగా నా పని. ఒకరు తయారుచేసిన పట్టికని మరొకరు చదివే చోట ఈ ఇబ్బంది తరచూ వస్తుంది. తప్పు చేసినవాళ్లు కుర్చీలో కూర్చుని ఉంటారు, సమాధానం చెప్పాల్సినవాళ్లు నిలబడి ఉంటారు. అందరూ చూసేది నిలబడ్డవాళ్లనే.

మెయిల్ ఎలా ఉండాలో రాసే చూపిస్తాను. ఫలానా గారు అన్నచోట ఆమె పేరు పెట్టుకోండి.

"అందరికీ నమస్కారం. నిన్నటి రివ్యూలో చూపిన మొత్తం ఆర్డర్లు 1,840 కాదు, 2,310. తూర్పు జోన్‌కు చెందిన 470 ఆర్డర్లు ఆ పట్టికలో కలవలేదు. పట్టిక తయారుచేసింది నేను, ఈ తప్పు నాది. ఫలానా గారు నేను ఇచ్చిన అంకెలనే చూపించారు. సవరించిన పట్టిక జతచేశాను. మిగతా జోన్ల అంకెలు మళ్లీ సరిచూశాను, వాటిలో మార్పు లేదు."

అంతే. దీనికి ముందుమాట వద్దు, చివర వినయ వాక్యాలు వద్దు. సరైన అంకె మొదటే ఎందుకు పెట్టానంటే, చదివేవాళ్లకు ముందుగా కావాల్సింది అదే. వాళ్లలో కొందరు ఈపాటికే 1,840 పట్టుకుని ఏదో లెక్క వేసుకుని ఉంటారు. 470 అని విడిగా రాయడం ఆ జోన్ మేనేజర్ కోసం. ఆయన అడిగిన ప్రశ్నకు గదిలో జవాబు దొరకలేదు, ఇప్పుడు దొరుకుతుంది. "ఈ తప్పు నాది" అన్న వాక్యం చిన్నదే గానీ దాన్ని కదిలించకండి. చాలామంది ఇక్కడికి వచ్చేసరికి "పొరపాటు దొర్లింది", "కొంత గందరగోళం జరిగింది" అని రాసేస్తారు. అలా రాస్తే ఎవరి వల్ల అన్నది మళ్లీ ఖాళీగానే ఉంటుంది, ఆ ఖాళీలో అందరూ పెట్టుకునేది నిన్న నిలబడి ఉన్న మనిషినే. చివరి వాక్యం మాత్రం నిజంగా మిగతా జోన్లు సరిచూశాకే రాయండి. సవరణలో ఇంకో తప్పు దొరికితే ఇక మీ మాటకు విలువ ఉండదు.

ఆ మెయిల్‌లో ఆమెకు సారీ లేదని గమనించే ఉంటారు. కావాలనే పెట్టలేదు. "నా వల్ల ఫలానా గారికి కలిగిన అవమానానికి క్షమాపణలు" అని పదిమందికి రాశారనుకోండి, ఆమెకు అవమానం జరిగిందన్న సంగతిని అందరికీ మళ్లీ గుర్తుచేసినట్టే. నిన్న సరిగ్గా పట్టించుకోనివాళ్లు కూడా ఏం జరిగిందని ఆరా తీస్తారు. నలుగురి ముందు కావాల్సింది బాధ్యత. సారీ ఆమె ఒక్కరి ముందు చాలు. ఈ తేడా తెలియక మంచి మనసున్నవాళ్లే ఎక్కువగా దెబ్బతీస్తుంటారు.

ఎవరెవరికి పంపాలి? గదిలో ఉన్నవాళ్లకు, నిన్నటి పట్టిక అందుకున్నవాళ్లకు. డైరెక్టర్‌ని వదిలేసి మిగతావాళ్లకు పంపితే పని జరగనట్టే, ఎందుకంటే ఆమెను మాట అన్నది ఆయనే. అక్కడ లేనివాళ్లను కలపడమూ వద్దు. మీటింగ్ మినిట్స్ ఎవరు రాస్తారో వాళ్లకు కూడా ఒక మాట చెప్పి అక్కడి అంకె మార్పించండి. మెయిల్‌ను మర్చిపోతారు, మినిట్స్ మిగిలిపోతాయి. వచ్చే నెల పోల్చి చూసేటప్పుడు మళ్లీ 1,840 బయటికొస్తే ఆమె మళ్లీ అదే ప్రశ్నకు నిలబడాలి.

పంపే ముందు మాత్రం ఆమెకు చూపించండి. అది ఆమె పేరున్న మెయిల్. అదీగాక, ఈ విషయం మళ్లీ నలుగురిలోకి వెళ్లడం ఆమెకు ఇష్టం లేకపోవచ్చు. అడిగే తీరు కూడా ముఖ్యం. "ఏం చేయమంటారు?" అని అడిగితే మీ తప్పు దిద్దే బాధ్యత ఆమె నెత్తిన పెట్టినట్టు అవుతుంది. దాని బదులు డ్రాఫ్ట్ పంపి, "మధ్యాహ్నంలోపు అందరికీ ఇది పంపుదామనుకుంటున్నాను. మీ గురించి రాసిన వాక్యం మార్చాలన్నా, తీసేయాలన్నా చెప్పండి" అనండి. పని మీది, నిర్ణయంలో ఆమెకు చోటుంది. ఆమె "నా పేరు వద్దు" అంటే ఆ వాక్యం తీసేయండి, "తయారుచేసింది నేను" అన్నది ఎలాగూ ఉంటుంది. "అసలు పంపొద్దు, ఇక వదిలేయండి" అంటే అందరికీ పంపకండి. అయితే అంకె సవరణ ఆగడానికి వీల్లేదు, అది ఆఫీసు లెక్క. సవరించిన పట్టిక మామూలుగా పంపించి, డైరెక్టర్‌కి మాత్రం విడిగా వెళ్లి "నిన్నటి అంకె నేనిచ్చింది సార్, తప్పు నాది" అని నోటితో చెప్పండి. ఆ సంగతి ఆమెకూ చెప్పండి.

ఎంత తొందరగా? అదే రోజు అయితే బాగుండేది. మర్నాడు పంపినా ఆలస్యమేమీ కాదు. వారం దాటాక ఇలాంటి మెయిల్ వస్తే మాత్రం వింతగా ఉంటుంది, ఎవరో పట్టుబట్టి రాయించారేమో అనిపిస్తుంది. అంత ఆలస్యమైతే తర్వాతి రివ్యూ మొదట్లో మీరే ఒక్క వాక్యం చెప్పడం మేలు: "పోయిన నెల తూర్పు జోన్ కలవని పట్టిక నేనిచ్చింది, సవరించినది మీ ముందుంది." మీరు ఇంకా ఆ గడువులోనే ఉన్నారు కాబట్టి ఈ రోజే పంపండి.

మెయిల్‌కు జవాబులు రావచ్చు. "సరే, థాంక్స్" అని ఎవరైనా అంటే దానికి మళ్లీ సారీ రాయొద్దు. డైరెక్టర్ "ఎలా జరిగింది?" అని అడిగితే, అప్పుడు కారణం చెప్పే సందర్భం వచ్చినట్టు. "షీట్‌లో తూర్పు జోన్‌ను దాచే ఫిల్టర్ ఉండిపోయింది, నేను తీయలేదు. ఇకపై అలా ఉండిపోతే తెలిసేలా షీట్‌లోనే తనిఖీ పెట్టాను" అంటే చాలు. కాస్త గట్టిగా ఒక మాట అన్నా పడండి. నిన్న ఆమె పడింది అదే మాట.

ఇక ఆమెతో విడిగా మాట్లాడే సంగతి. మీరు ఇప్పటికే చాలాసార్లు సారీ చెప్పారు కదా, మళ్లీ ఎందుకు అనిపించొచ్చు. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే, ఆ సారీలన్నీ ఫిల్టర్ గురించి. ఆమెకు తగిలిన దెబ్బ అది కాకపోవచ్చు. ఫిల్టర్ మర్చిపోవడం ఎవరికైనా జరుగుతుందని ఆమెకు తెలుసు, అంత అనుభవం ఉంది. డైరెక్టర్ అలా అడిగినప్పుడు, జవాబు తెలిసిన మనిషి అదే గదిలో కూర్చుని ఉండి, తలెత్తలేదు. తల కొట్టేసినట్టు అనిపించేది అక్కడ. తప్పు చేసినవాళ్లు తమకు సిగ్గనిపించిన విషయానికి సారీ చెబుతారు, అవతలి మనిషికి నొప్పి కలిగిన విషయం వేరే ఉంటుంది. ఎన్నిసార్లు చెప్పినా తగలాల్సిన చోట తగలకపోవడానికి కారణం ఇదే. ఎక్కువసార్లు చెప్పాలని అనిపించేదీ అందుకే.

ఎదురుగా, ఇంకెవరూ లేనప్పుడు, ఇలా చెప్పి చూడండి:

"మొన్న నేనిచ్చిన తప్పు అంకెకి మీరు అందరి ముందు మాట పడాల్సి వచ్చింది. నేను అక్కడే ఉండి కూడా అది నాదని చెప్పలేదు. చెప్పాల్సింది. సారీ."

తర్వాత ఆగండి. ఆ నిశ్శబ్దం మీకు భరించలేనిదిగా ఉంటుంది, ఏదో ఒకటి అనాలనిపిస్తుంది. అనకండి. ఆమె ఏదైనా చెప్పాలనుకుంటే ఆ చోటు ఆమెది. ఈ విషయంలో సింథియా ఫ్రాంట్జ్, కోర్ట్నీ బెనిగ్సన్ అనే పరిశోధకులు 2005లో ప్రచురించిన పని ఒకటి నాకు బాగా ఉపయోగపడింది. వెంటనే వచ్చిన క్షమాపణ కంటే కాస్త తర్వాత వచ్చినదే ఎక్కువ సంతృప్తినిచ్చిందని వాళ్లు చూశారు. నొచ్చుకున్న మనిషి తన మాట చెప్పుకోగలిగాక, అవతలివాళ్లకు అది అర్థమైందని అనిపించాక వచ్చే సారీకి బలం ఎక్కువ. మీరు ఆ సాయంత్రమే వరసగా సారీలు చెప్పినప్పుడు ఆమెకు ఆ అవకాశం దొరికి ఉండదు. "పర్లేదు" తప్ప ఇంకేం అనగలరు? అందుకే అంకె సవరణ ఎంత తొందరగా అయితే అంత మంచిది, ఈ మాట మాత్రం కాస్త నిదానంగా, ఆమె మాట్లాడటానికి వీలున్న సమయంలో చెప్పాలి.

ఆమె, "ఆ ఒక్క మాట అక్కడే అని ఉంటే సరిపోయేది కదా" అన్నారనుకోండి. జవాబు: "అవును, అనాల్సింది." దాని తర్వాత "కానీ డైరెక్టర్ గారు అంత కోపంగా ఉండేసరికి నాకు భయమేసి" అని మొదలుపెట్టొద్దు. అది నిజమే అయి ఉంటుంది. కానీ ఆ కోపానికి ఎదురుగా నిలబడింది ఆమె. మీ భయం గురించి ఆమెకు చెప్పడం, మళ్లీ ఆమే మిమ్మల్ని అర్థం చేసుకోవాలని అడగడం. ఒకవేళ ఆమె పాత విషయాలు తీస్తే, ఇంతకు ముందు ఎప్పుడో ఫైలు ఆలస్యంగా ఇచ్చారనో ఇంకేదో, వినండి. ఒక్కొక్కదానికీ లెక్క చెప్పకండి. అందులో నిజమున్నది ఏదైనా ఉంటే తర్వాత పనిలో దిద్దుకోవచ్చు.

ధైర్యం చెబుదామని "ఎవరూ అంతగా పట్టించుకోలేదులెండి" అని కూడా అనొద్దు. అది నిజం కావచ్చు. మనకు జరిగిన ఇబ్బందిని మిగతావాళ్లు మనం అనుకున్నంతగా గుర్తుపెట్టుకోరు. కానీ ఆ మాట ఇంకో స్నేహితురాలు చెబితే ఓదార్పు, ఇబ్బంది తెచ్చిన మనిషి చెబితే తప్పుని చిన్నది చేసుకోవడం.

అలాగే "నన్ను క్షమించేశారా?", "ఇంకా కోపమేనా?" అనే ప్రశ్నలు. రాయ్ లెవికీ, ఆయన తోటి పరిశోధకులు 2016లో క్షమాపణలో ఉండే ఆరు భాగాలను విడదీసి చూశారు: విచారం, కారణం, బాధ్యత ఒప్పుకోవడం, మళ్లీ చేయనన్న పశ్చాత్తాపం, నష్టం దిద్దుతాననడం, క్షమించమని కోరడం. వాటిలో అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది బాధ్యత ఒప్పుకోవడం, దాని తర్వాత దిద్దుతాననడం. అన్నిటికంటే తక్కువ పనిచేసింది క్షమించమని కోరడం. నేను చూసినదీ అంతే. "క్షమించారా?" అన్న ప్రశ్నకు ఆఫీసులో ఎవరూ లేదని చెప్పలేరు. అవునని చెప్పించుకుంటాం, ఆమె మనసులో ఉన్నది అలాగే ఉంటుంది.

సారీ ఎక్కడ ఎక్కువైందో తెలుసుకోవడానికి ఒక గుర్తు ఉంది. ఆమె మీకు ధైర్యం చెబుతున్నట్టుంటే అప్పటికే హద్దు దాటారు. మా టీమ్‌లో ఇలాగే ఒకతని పొరపాటు వల్ల ఇంకొకామె క్లయింట్ ముందు ఇబ్బంది పడింది. అతను ఎదురుపడ్డప్పుడల్లా, భోజనం దగ్గర, లిఫ్ట్ దగ్గర, నలుగురూ ఉన్నప్పుడు కూడా ఆ విషయం ఎత్తేవాడు. నిజంగా బాధపడే అన్నాడు, అందులో నటన లేదు. చివరికి ఆమె "నేను మర్చిపోదామన్నా మీరు మర్చిపోనివ్వడం లేదండీ" అనాల్సి వచ్చింది. గోటితో పోయేది గొడ్డలిదాకా వెళ్లడమంటే ఇదే. మొదటి తప్పు ఒక మధ్యాహ్నంలో పోయేది. సారీల వల్ల అది నెల రోజుల సంగతైంది, ఆమె అతనితో కలిసి పని చేయడమే తగ్గించుకుంది. మీరు ఒక్కసారి, సరైన చోట తగిలేలా చెప్పాక, ఆమె "సరే" అన్నా, "పర్లేదు" అన్నా, తలూపి వెళ్లిపోయినా, ఇక ఆ ప్రస్తావన మీ నోటి నుంచి రాకూడదు. ఆమె ఎత్తితే మాట్లాడండి.

మీరు పెట్టిన పెద్ద మెసేజ్ గురించి టెన్షన్ పడకండి. దాన్ని డిలీట్ చేయొద్దు, "నిన్న అలా రాసినందుకు సారీ" అని ఇంకోటి పెట్టొద్దు. అలా వదిలేయండి.

అయితే కారణం అసలు ఎక్కడా చెప్పకూడదా అంటే, అలా కాదు. నేను ప్రతి వాక్యానికీ ఒక పరీక్ష పెడతాను. ఈ వాక్యం విన్నాక అవతలి మనిషి చేసే పని ఏమైనా మారుతుందా? "రెండు రిపోర్టులు ఒకేసారి అడిగారు, రాత్రి ఆలస్యమైంది" అంటే ఏమీ మారదు, మీ మీద జాలి కలుగుతుందంతే. "ఇదే షీట్‌తో గత నెల రిపోర్టు కూడా తీశాను, అందులోనూ ఇలా ఉందేమో చూస్తున్నాను" అంటే చాలా మారుతుంది. మొదటిది సాకు, రెండోది సమాచారం. నిజానికి ఆ రెండో వాక్యం మీ విషయంలో ఇప్పటికే అవసరమేమో చూసుకోండి. అదే ఫైలును నెలనెలా కాపీ చేసుకుంటూ వస్తుంటే ఆ ఫిల్టర్ ఎప్పటి నుంచి ఉందో మీరే వెనక్కి వెళ్లి చూడాలి. అలాంటిది ఏదైనా దొరికితే ఇంకొకరు పట్టుకునేలోపే, అదే మెయిల్ తీరులో చెప్పేయండి.

పనిభారం నిజంగా ఎక్కువగా ఉండి ఇలాంటివి జరుగుతున్నాయనుకుంటే అది మీ మేనేజర్‌తో వేరే రోజు, వేరే సంభాషణగా మాట్లాడండి. సారీకి అతికించి చెబితే రెండూ చెడతాయి.

దిద్దుబాటు ఎలా ఉంటే ఆమెకు నిజంగా పనికొస్తుందో కూడా చెబుతాను. "ఇకపై జాగ్రత్తగా ఉంటాను" అన్న మాట ఆమెకు ఏ ధీమా ఇవ్వదు. తను కూడా చూడగలిగేది ఏదైనా కావాలి. మీ మొత్తం SUBTOTAL తో వేసి ఉంటే, అది ఫిల్టర్ దాచిన వరుసలను వదిలేసి కనిపించేవాటినే కూడుతుంది. SUM మాత్రం దాచినవాటినీ కలిపి కూడుతుంది. ఆ రెండింటి తేడాని పట్టిక పైన ఒక గడిలో పెట్టండి:

```
=SUM(D2:D500)-SUBTOTAL(9,D2:D500)
```

D2:D500 చోట మీ ఆర్డర్ల నిలువు వరుస పెట్టుకోండి. అక్కడ సున్నా ఉంటే ఆ వరుసలో ఫిల్టర్ దేన్నీ లెక్కలోంచి తప్పించలేదని అర్థం. మొన్న ఈ గడి ఉండి ఉంటే 470 అని కనిపించేది, తూర్పు జోన్ ఎంతో సరిగ్గా అంత. దాన్ని ఆమెకు చూపించి, "పైన సున్నా లేకపోతే నాకు తిప్పి పంపేయండి" అనండి. ఇది ఆమె మీద తనిఖీ భారం వేయడం కాదు, ఒక్క చూపులో అయిపోతుంది. ఇంకొకటి, పట్టికని రివ్యూకి ముందు రోజే ఇవ్వండి. మీటింగ్‌కి పది నిమిషాల ముందు వచ్చిన షీట్‌ను ఎవరూ చూసుకోలేరు. చూసుకోలేదని మాట పడేది మాత్రం వాళ్లే.

ఈ సందర్భంలో ఒక సంగతి. తను కూడా ఒకసారి చూసి ఉండాల్సింది కదా, జోన్లు ఐదు ఉండాల్సిన చోట నాలుగే ఉంటే తెలియదా, అని మీకు మనసులో ఎక్కడో ఉండొచ్చు. ఉండటం సహజం. అది నిజమైనా కూడా చెప్పాల్సింది మీరు కాదు, ఇప్పుడు అసలే కాదు. ఆమె భాగం ఏమైనా ఉంటే ఆమెకు ఆ డైరెక్టర్ ప్రశ్నలోనే అందింది.

అదే సమయంలో, మీది కానిది నెత్తిన వేసుకోవద్దు. డేటా వేరే టీమ్ నుంచే తప్పుగా వచ్చి ఉంటే "మొత్తం తప్పు నాదే, నన్నే అనండి" అనడం బాధ్యత కాదు, అసలు కారణం అలాగే ఉండిపోతుంది. అప్పుడు కూడా మీ భాగం ఒకటి ఉంటుంది: "నాకు వచ్చిన ఫైలు సరిచూడకుండా ఇచ్చాను." దాన్ని ఒప్పుకోండి, మిగతాది ఆ టీమ్‌తో తేల్చుకోండి. ఆ అంకె మీ సంస్థ దాటి క్లయింట్‌కో, ఆడిటర్‌కో వెళ్లి ఉంటే మాత్రం మీ అంతట మీరు మెయిల్ పెట్టకండి. ముందు మేనేజర్ దగ్గరికి వెళ్లండి, బయటికి ఎవరు ఏ మాటల్లో రాయాలన్నది వాళ్లు నిర్ణయించాలి.

తర్వాతి కొన్ని వారాలు మామూలుగా ఉండటమే కష్టమైన పని. కాఫీలు, ప్రత్యేకంగా సాయాలు, మీటింగ్‌లో అవసరం లేని పొగడ్తలు వద్దు. ఎందుకు చేస్తున్నారో ఆమెకు తెలిసిపోతుంది, అదీ ఒక రకం సారీయే. ఆమెతో ఇంతకు ముందు ఎలా మాట్లాడేవారో అలాగే మాట్లాడండి, పొడిపొడి జవాబులు వచ్చినా నొచ్చుకోకండి. కుదుటపడుతోందో లేదో పనిలోనే తెలుస్తుంది. మళ్లీ నేరుగా మిమ్మల్నే ఫైలు అడుగుతారు. మీకు రాసే ప్రతి మెయిల్‌లో మేనేజర్‌ని కలపడం ఉంటే అది మానేస్తారు. మీ పట్టికలో సందేహం వస్తే మీటింగ్‌కు ముందే ఫోన్ చేస్తారు. ఈ మూడోది వచ్చిందంటే మంచి సూచన. నెలలు గడిచినా ఏదీ రాకపోతే, మళ్లీ సారీ కాదు, "మన పని పద్ధతిలో మీకు ఇబ్బందిగా ఉన్నది ఏదైనా ఉంటే మారుస్తాను" అని ఒక్కసారి పని గురించే అడగండి. ఆమె ఎంత దూరం కావాలంటే అంత దూరం ఉండనివ్వండి, అది ఆమె హక్కు.

ఇంకెప్పుడైనా ఇలా గదిలోనే బయటపడితే, అక్కడే చెప్పాల్సిన మాట ముందే నోటికి వచ్చేలా ఉంచుకోండి. టెన్షన్‌లో కొత్త వాక్యం తయారుచేయడం ఎవరి వల్లా కాదు. "సార్, ఆ పట్టిక నేను చేసింది, తప్పు నాది. సరిచూసి మీటింగ్ ముగిసేలోపు సరైన అంకె ఇస్తాను." చెప్పడానికి పది సెకన్లు పట్టదు. ఇంకెవరూ ఆమె వైపు చూడరు. ప్రశ్న వేసినాయన మాట మధ్యలో ఉంటే పూర్తికానివ్వండి, ఆమె జవాబు మొదలుపెట్టేలోపు చెప్పండి. అంతవరకే చెప్పి కూర్చోండి. ఆ ఊపులో "బహుశా 2,300 దాకా ఉంటుంది సార్" అని అప్పటికప్పుడు ఇంకో అంకె మాత్రం ఇవ్వకండి. అది కూడా సరిచూడనిదే, అది కూడా తప్పితే దాన్ని మోస్తూ బోర్డు దగ్గర నిలబడి ఉండేది మళ్లీ ఆమే. ల్యాప్‌టాప్ తెరిచి, ఫిల్టర్ తీసి, జోన్లన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టి, అప్పుడు చెప్పండి.